గొంతు బిగుసుకుంది, కానీ మూసుకుపోలేదు

రాత్రి పదకొండున్నరకు మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నాడు. పరీక్ష ఇంకో పది రోజుల్లో ఉంది. "అన్నా, గొంతు బిగుసుకపోతుంది. ఊపిరి ఆడతలేదు. రాత్రి తిన్న చపాతీ అడ్డం పడ్డట్టుంది. పక్క రూమోళ్లను లేపాల్నా?" అన్నాడు.

నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతాను. వాడు ఏం చెప్పాడన్నదానికంటే ఎలా చెప్పాడన్నదే నేను ముందు గమనించాను. గొంతు వణుకుతోంది, కానీ వాక్యం తెగడం లేదు. మాట అంటే ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలి స్వరతంత్రులను కదిలించుకుంటూ బయటికి రావడమే. గాలి దారి పూర్తిగా మూసుకుపోయిన మనిషికి మాట రాదు, దగ్గు కూడా రాదు. చేతులు గొంతు దగ్గరికి పోతాయి, చూస్తుండగానే పెదాలు నీలంగా మారతాయి. అలాంటి మనిషి ఫోన్ చేసి నాలుగు ముక్కలు చెప్పలేడు. దారి సగమే మూసుకుపోతే మాట వస్తుంది గానీ, గాలి పీల్చుకునేటప్పుడు ఈల వేసినట్టో గరగరమనో చప్పుడు వస్తుంది. ఫోన్ నోటి దగ్గర పెట్టి ఊపిరి పీల్చమన్నాను. వేగంగా పీలుస్తున్నాడు, చప్పుడు లేదు. ఏమైనా కొత్త మందు వేసుకున్నావా, పెదాలు గానీ నాలుక గానీ ఉబ్బాయా, ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా అని అడిగాను. ఏమీ లేవన్నాడు.

అప్పుడు రెండు గుక్కలు నీళ్లు తాగమన్నాను. తాగాడు, సాఫీగా దిగాయి. "తాగుతుంటే కొంచెం నయమన్నా, మళ్ల ఉమ్ము మింగుతుంటే పట్టేస్తుంది" అన్నాడు. ఈ ఒక్క మాటతో సంగతి చాలావరకు తెలిసిపోయింది.

మెడలో రెండు గొట్టాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందున్నది గాలి గొట్టం. దాన్ని తెరిచి ఉంచడానికి ఇంగ్లిష్ సి అక్షరం ఆకారంలో పదహారు నుంచి ఇరవై దాకా మృదులాస్థి వలయాలు ఉంటాయి. మెడ ముందు వైపు, కంఠమణికి కింద వేళ్లతో తడిమితే గట్టిగా తగిలేవాటిలో అవీ ఉంటాయి. వెనకున్నది అన్నం దిగే గొట్టం. దాని పైకొసన క్రికోఫారింజియస్ అనే కండరం చుట్టుకుని ఉంటుంది. మనం మింగనప్పుడు అది సంచి మూతికి తాడు బిగించినట్టు మూసి ఉంటుంది, మింగేటప్పుడు ఒక్క క్షణం వదులవుతుంది. టెన్షన్‌లో దవడ, భుజాల కండరాలతో పాటు ఇదీ బిగుసుకుంటుంది. దాంతో గొంతులో ఉండ ఇరుక్కున్నట్టు అనిపిస్తుంది. డాక్టర్లు దీన్ని గ్లోబస్ అంటారు. నిజంగా ముద్ద అడ్డం పడితే తిండి, నీళ్లు దిగడం కష్టమవుతుంది. గ్లోబస్‌లో తింటుంటే, తాగుతుంటే హాయిగా ఉంటుంది, ఖాళీగా ఉమ్ము మింగుతుంటే ఎక్కువవుతుంది. పోయిందా లేదా అని పదే పదే మింగి చూసుకోవడంతో ఆ కండరం ఇంకా అలసి బిగుస్తుంది. మా తమ్ముడు అరగంటగా చేస్తున్నది అదే.

మరి ఊపిరి ఆడకపోవడం? ఒక నిమిషం లెక్కపెట్టమన్నాను. ముప్ఫై దాటింది. ఖాళీగా కూర్చున్న మనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు పీలుస్తాడు. ఊపిరి అందడం లేదన్న భయంతో మనం గట్టిగా పీలుస్తాం, కానీ వదలడం సగంలోనే ఆపేసి మళ్లీ పీలుస్తాం. నిండిన బిందెలో ఇంకా నీళ్లు పోస్తున్నట్టే ఇది. ఛాతీ ఉబ్బే ఉంటుంది, కొత్త గాలికి చోటుండదు, అందుకే అందడం లేదనిపిస్తుంది. ఈలోగా రక్తంలో కార్బన్ డయాక్సైడ్ అవసరానికంటే ఎక్కువగా బయటికి పోతుంది. దానివల్ల రక్తంలో క్షారగుణం పెరుగుతుంది, మెదడులోని రక్తనాళాలు కాస్త సన్నబడతాయి. తల తిరగడం, వేళ్ల కొసల్లో, మూతి చుట్టూ తిమ్మిరి ఇక్కడినుంచే వస్తాయి. ఆ తిమ్మిరి చూసి భయం పెరుగుతుంది, భయంతో ఊపిరి ఇంకా వేగమవుతుంది. హాస్టల్‌లో ఎవరి దగ్గరో కరోనా నాటి ఆక్సీమీటర్ ఉంటే పెట్టి చూశాడు, 99 చూపించింది. అది ధైర్యమిచ్చే అంకే, కానీ దానొక్కదాన్నే నమ్మకూడదు. గాలి దారి నిజంగా ఇరుకవుతున్నప్పుడు కూడా మొదట్లో అంకె బాగానే ఉండి, చివర్లో పడిపోవచ్చు. మాట, చప్పుడు, వాపు చూడాల్సిందే.

ఇలాంటప్పుడు పక్కనున్న ప్రతివాళ్లూ "గట్టిగా ఊపిరి తీసుకో" అంటారు. ప్రేమతోనే అంటారు గానీ, నిండిన బిందెకు అది పనికొచ్చే సలహా కాదు. ముందు ఖాళీ చేయాలి. గోడకు ఆనుకుని కూర్చుని భుజాలు వదిలేయమన్నాను. వేడి చాయ్ ఊదినట్టు పెదాలు సన్నగా చేసి, ఉన్న గాలిని మెల్లగా వదలమన్నాను. బలంగా ఊదక్కర్లేదు. తర్వాత నోరు మూసి ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంత సేపు పీల్చి, మళ్లీ ఆరు లెక్కపెట్టేంత సేపు వదలాలి. అంటే నిమిషానికి సుమారు ఆరు ఊపిరులు. ముప్ఫై నుంచి ఒక్కసారిగా ఆరుకు రావడం కుదరదు. వాడికీ కుదరలేదు, నాలుగో ఊపిరికే "ఆగలేను" అన్నాడు. రెండు పీల్చి మూడు వదలమన్నాను. రెండు నిమిషాలు అలా నడిచాక మూడు, అయిదు చేశాం, ఆ తర్వాత నాలుగు, ఆరు. చేయి పొట్ట మీద పెట్టుకుంటే పీల్చినప్పుడు పొట్ట లేవాలి, ఛాతీ కాదు.

వదలడం ఎందుకు పొడవుగా ఉండాలో మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే తెలుస్తుంది. పీల్చేటప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. వదిలేటప్పుడు వేగస్ నరం గుండె మీద పగ్గం బిగిస్తుంది. చిన్నవయసు వాళ్లలో ఈ తేడా వేలికి బాగా తగులుతుంది. తమ్ముడిని నాడి పట్టుకోమన్నాను. "అవునన్నా, స్లో అయితుంది" అన్నప్పుడు వాడి గొంతులో వణుకు తగ్గింది. దాదాపు పన్నెండు నిమిషాలు పట్టింది. గొంతు బిగువు మాత్రం పూర్తిగా పోలేదు. ఊపిరి ముందు కుదుటపడుతుంది, కండరం ఆలస్యంగా వదులవుతుంది. అందాకా మింగి చూసుకోకుండా, అనిపించినప్పుడల్లా ఒక గుక్క నీళ్లు తాగమన్నాను. కాగితం సంచిలోకి ఊపిరి వదిలి పీల్చే పాత పద్ధతి మాత్రం వద్దన్నాను. అది ఆస్తమానో గుండె సమస్యో అయితే, సంచిలోని గాలితో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోతుంది.

ఆ రాత్రి జవాబులు వేరుగా ఉండి ఉంటే నేను ఊపిరి లెక్కల జోలికి పోయేవాణ్ని కాదు. మాట రాకపోయినా, ఈల చప్పుడున్నా, మందు వేసుకున్నాకో తేనెటీగ కుట్టాకో నాలుక ఉబ్బినా, ఉమ్ము మింగలేక కారిపోతున్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ముద్ద అడ్డం పడి దగ్గలేకపోతున్న పెద్దవాళ్లను ముందుకు వంచి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు వేయాలి. అది బయటికి రాకపోతే, వెనక నిలబడి బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, లోపలికీ పైకీ అయిదుసార్లు నొక్కాలి. వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. తెగని ఛాతీనొప్పి ఉన్నా ఇంట్లో కూర్చోకూడదు. ఇంకో చిక్కుంది. కొందరిలో టెన్షన్‌కు స్వరతంత్రులే పీల్చేటప్పుడు దగ్గరికి వచ్చేస్తాయి. అప్పుడు చప్పుడూ ఉంటుంది, దారి నిజంగానే ఇరుకవుతుంది. దాన్ని ఫోన్‌లో తేల్చలేం.

మరుసటి వారం వాడిని ఒక ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. తిండి అడ్డం పడటం, మింగితే నొప్పి, బరువు తగ్గడం, మూడు వారాలు దాటిన గొంతు బొంగురు ఉన్నాయా అని అడిగారు. ఏ ఒక్కటీ లేదు. ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూస్తే స్వరతంత్రులు చక్కగా కదులుతున్నాయి. అర్ధరాత్రి చదువుకుంటూ తినే మిర్చిబజ్జీ, వెంటనే పడుకోవడం వల్ల పులితేన్పులు పైకి తన్ని గొంతును రేపుతున్నాయని, తిన్నాక రెండు మూడు గంటలు ఆగి పడుకోమని చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సిగ్నల్ దగ్గర వాడు మాట ఆపేసి కిటికీ వైపు తిరిగాడు. చేయి పొట్ట మీద ఉంది. పెదాలు సన్నగా చేసి ఊదుతున్నాడు. నేను పలకరించలేదు. సిగ్నల్ పడ్డాక బాటిల్ తీసి ఒక గుక్క తాగి, "నిన్నటికంటే తొందరగా పోయిందన్నా" అన్నాడు.