పదిన్నరకు లేచే పిల్లాడి గడియారం

ఒక పదిహేనేళ్ల అబ్బాయిని ఊహించుకుందాం. బడి ఉన్న ఐదు రోజులూ రాత్రి 11:30కి నిద్రపోయి, అలారం మోతకు 6 గంటలకు లేస్తాడు. సెలవున్న రెండు రోజులూ రాత్రి 1 గంటకు పడుకుని ఉదయం 10:30కి లేస్తాడు. ఇంట్లోవాళ్ల లెక్కలో ఇది బద్ధకం. కాగితం మీద వేరే లెక్క తేలుతుంది.

నిద్ర మొదలుకీ చివరకీ సరిగ్గా నడుమ ఉండే క్షణాన్ని చూడాలి. బడి రోజుల్లో అది 2:45, సెలవు రోజుల్లో 5:45. మూడు గంటల తేడా. అంటే ఈ అబ్బాయి వారం వారం మూడు గంటల కాలభేదం ఉన్న మరో దేశానికి వెళ్లి వస్తున్నట్టే. జీవగడియారాల మీద పనిచేసే జర్మన్ శాస్త్రవేత్త టిల్ రోన్నెబర్గ్ బృందం 2006లో దీనికి ‘సోషల్ జెట్‌లాగ్’ అని పేరు పెట్టింది.

సెలవు నాటి తొమ్మిదిన్నర గంటల నిద్రలో కొంత పాత బాకీ తీర్చుకోవడమే కాబట్టి దాన్ని తీసేయాలి. వారం మొత్తానికి సగటు నిద్ర రోజుకు సుమారు 7 గంటల 20 నిమిషాలు. సెలవు రోజు అంతకన్నా 2 గంటల 10 నిమిషాలు ఎక్కువ పడుకున్నాడు. అందులో సగాన్ని 5:45లోంచి తీసేస్తే 4:40 వస్తుంది. ఇతని శరీరానికి అసలైన నడిరాత్రి అదే. అలారం మోగే 6 గంటలు దానికి గంటా ఇరవై నిమిషాల తర్వాతే. రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా పడుకునే పెద్దవాళ్లని 3:50కి తట్టి లేపితే ఎలా ఉంటుందో, అతనికి రోజూ పొద్దున్నే అలా ఉంటుంది. లేవగానే చిరాకు పడుతున్నాడంటే వింతేమీ లేదు.

ఈ ఆలస్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? నిద్రను రెండు వ్యవస్థలు కలిసి నడుపుతాయని నిద్ర పరిశోధకుడు అలెగ్జాండర్ బోర్బెలీ 1982లో ఒక నమూనా ప్రతిపాదించాడు. ఒకటి నిద్ర ఒత్తిడి. మెలకువగా ఉన్నకొద్దీ అది పెరుగుతుంది, నిద్రలో కరుగుతుంది. రెండోది మెదడులోని జీవగడియారం. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేయించి రాత్రయిందని శరీరానికి చెప్పేది అదే. యుక్తవయసులో రెండూ మారతాయి. మెలటోనిన్ విడుదల వెనక్కి, అంటే ఇంకా ఆలస్యమైన వేళకు జరుగుతుంది. నిద్ర ఒత్తిడి కూడా చిన్నపిల్లల్లో కన్నా నెమ్మదిగా పెరుగుతుంది. పదేళ్లప్పుడు తొమ్మిదికల్లా సోఫాలోనే వాలిపోయిన పిల్లాడు పదిహేనేళ్లకు పదకొండింటికి కూడా చురుగ్గా ఉండటానికి కారణం ఇదే.

అయితే నిద్ర అవసరం మాత్రం తగ్గదు. ‘ఎదుగుతున్నకొద్దీ నిద్ర తక్కువ చాలు’ అనే నమ్మకాన్ని తప్పని చూపింది నిద్ర పరిశోధకురాలు మేరీ కార్స్‌కడాన్. 1970ల్లో స్టాన్‌ఫర్డ్‌లో వేసవి శిబిరాలు పెట్టి, ఏటా అదే పిల్లల్ని తీసుకొచ్చి, పది గంటలు పడుకునే వీలిచ్చి కొలిచారు. వయసు పెరిగినా వాళ్లు సుమారు తొమ్మిది గంటలకు పైనే నిద్రపోయారు. పైగా పెద్ద పిల్లలకు పగటిపూట మత్తు పెరిగింది. పడుకునే వేళ వెనక్కి జరిగి, లేచే వేళ బడి గంటకు కట్టుబడి ఉంటే మధ్యలో నలిగేది నిద్రే.

పెద్దలు చేసే సహజమైన పొరపాటు ‘తొమ్మిదిన్నరకే పడుకో’ అనడం. ఎవరికైనా అలవాటైన నిద్రవేళకు ముందరి రెండు, మూడు గంటలు గడియారం మనల్ని గట్టిగా మెలకువలో ఉంచే సమయం. రోజంతా పెరిగిన నిద్ర ఒత్తిడి మనల్ని పడగొట్టకుండా అది అడ్డుపడుతుంది. ఆ వేళలో లైటార్పి పడుకోబెడితే ఆ అబ్బాయి రెండు గంటలు దొర్లి, విసుగొచ్చి ఫోన్ తీస్తాడు. ఇలా కొన్ని వారాలు సాగితే పరుపు మీద వాలడమంటే మెలకువగా ఉండటమే అని మెదడు నేర్చుకుంటుంది. ఫోన్ వెలుతురు, అందులోని కబుర్లు ఈ ఆలస్యాన్ని ఇంకా లాగుతాయి, నిజమే. కానీ ఆలస్యాన్ని పుట్టించింది ఫోన్ కాదు. కౌమారంలో ఉన్న ఇతర క్షీరదాల్లో కూడా ఇలాంటి జరుగుబాటు కనిపించింది. వాటికి ఫోన్లు లేవు కదా!

ఇక ఈ వయసు పిల్లలు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోవడం సంగతి. మనస్తత్వ పరిశోధకులు రీడ్ లార్సన్, మేరిస్ రిచర్డ్స్ 220 మంది అమెరికా పిల్లలకు పేజర్లు ఇచ్చి, అవి మోగినప్పుడల్లా ఎవరితో ఉన్నారో, ఎలా ఉన్నారో రాయించారు. అయిదో తరగతి నుంచి పన్నెండో తరగతికి వచ్చేసరికి, మెలకువగా ఉన్న సమయంలో కుటుంబంతో గడిపేది 35 శాతం నుంచి 14 శాతానికి పడిపోయింది. 1996లో అచ్చయిన ఆ ఫలితాల్లో అంత ప్రచారం పొందని రెండో సగం ఉంది: తల్లితోనో తండ్రితోనో ఒంటరిగా గడిపే సమయం తగ్గలేదు, ఇంట్లోవాళ్లతో మాట్లాడే సమయమూ నిలకడగానే ఉంది. తగ్గింది అందరూ కలిసి కూర్చునే సమయం. అందుకే అందరి ముందూ ‘ఏంటి, ఎప్పుడూ గదిలోనేనా’ అని పిలిస్తే రాని పిల్లాడు, ఇద్దరే ఉన్న ప్రయాణంలో మాట్లాడతాడు. కాసేపు ఒంటరిగా గడిపాక టీనేజీ పిల్లల మనసు కొంచెం తేలికపడుతుందని లార్సన్ మరో అధ్యయనంలో గమనించాడు. ఒంటరితనం మితంగా ఉన్నంతవరకే ఆ మేలు. ఇల్లు సద్దుమణిగే వేళకు మన పదిహేనేళ్ల అబ్బాయి గడియారం చురుగ్గా ఉంటుంది కాబట్టి, ఎవరూ చూడని సమయం కూడా రాత్రే దొరుకుతుంది.

గడియారాన్ని పూర్తిగా మార్చలేం కానీ కొంత ముందుకు, అంటే తొందర వేళకు జరపొచ్చు. దానికి సాధనం ఉదయపు వెలుతురు, కిటుకంతా వేళలో ఉంది. శరీర ఉష్ణోగ్రత అట్టడుగుకు చేరే క్షణం సహజంగా మెలకువ వచ్చే వేళకు రెండు, మూడు గంటల ముందు ఉంటుంది. దాని తర్వాత పడే వెలుతురు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, దానికి ముందు పడేది ఇంకా వెనక్కి నెడుతుంది. సెలవుల్లో రోజూ 11కి లేస్తున్నవాడికి ఆ అట్టడుగు ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య ఉంటుంది. బడి తెరిచే ముందురోజు 5:30కి లేపి గట్టి వెలుతురులో తిప్పితే ఫలితం తలకిందులవుతుంది. అందుకని రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. మొదటిరోజు 10:30కి లేపి వెంటనే అరగంట ఆరుబయట ఉంచాలి, తర్వాత రోజుకో అరగంట ముందుకు జరపాలి. రాత్రి పడుకోవడానికి రెండు గంటల ముందు నుంచి లైట్లు తగ్గించాలి. పగటి కునుకు సాయంత్రం నాలుగింటి లోపే, అరగంట మించకుండా. బడి మొదలయ్యాక సెలవు రోజున రెండు గంటలకు మించి ఎక్కువ పడుకుంటే, శ్రమపడి జరిపింది మళ్లీ వెనక్కి పోతుంది.

ఇది ఎప్పుడు మామూలు కాదు? దాన్ని తేల్చుకునే పరీక్షను సెలవుల్లోనే చేయాలి. రెండు వారాలు తనకు నచ్చిన వేళకు పడుకోనిస్తే తొమ్మిది గంటల దాకా నిద్రపోయి తేటగా లేస్తే, అది గడియారమే. రోన్నెబర్గ్ లెక్కల ప్రకారం ఆ ఆలస్యం ఇరవయ్యో ఏట దరిదాపుల్లో శిఖరానికి చేరి, తర్వాత తగ్గుతుంది. పది గంటలు పడుకున్నా మత్తు వీడకపోయినా, గురక పెడుతున్నా వైద్యుణ్ణి కలవాలి. గది విషయంలో తలుపు వేసి ఉందా అన్నదానికన్నా తలుపు వెనక ఏం మిగిలిందో చూడాలి. స్నేహితులతో మాటలు, ఇష్టమైన పని, ఆకలి ఉన్నాయా? రెండు వారాలకు పైగా ఇవి వరసగా ఆగిపోతే అది కుంగుబాటు కావచ్చు. బతకాలని లేదన్న మాట ఒక్కసారి వినపడినా రెండు వారాలు ఆగక్కర్లేదు, ఆరోజే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.