వారంటీ ఉంది కదా అనుకున్నా, నీళ్లు ఒలికాయి

పిల్లలూ,

లాప్‌టాప్ కొనడానికి వెళ్తున్నామన్నారు కదా, బిల్లు వేసే దగ్గర "ఇంకో రెండేళ్ల ప్రొటెక్షన్ తీసుకోండి, ఏ టెన్షనూ ఉండదు" అంటారు, అక్కడ వెంటనే సరే అనకండి. నేను అన్నాను. ఎనిమిదో నెలలో గ్లాసెడు నీళ్లు కీబోర్డు మీద ఒలికి లాప్‌టాప్ ఆగిపోయింది. ఏడాది వారంటీయే ఇంకా అయిపోలేదు, పైగా ప్లాన్ కూడా కట్టాను కదా అని ధీమాగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను.

అక్కడి కుర్రాడు అడుగు మూత విప్పి, లోపల గోరంత స్టిక్కర్ ఒకటి చూపించాడు. మామూలుగా తెల్లగా ఉంటుందట, తడి తగిలితే ఎర్రబడుతుంది. నాది ఎర్రగా ఉంది. మదర్‌బోర్డు మార్చాలన్నాడు, లెక్క వేస్తే లాప్‌టాప్ ధరలో సగం దాటింది, మొత్తం నేనే పెట్టుకోవాలన్నాడు.

ఎందుకంటే కంపెనీ వారంటీ తయారీ లోపానికి మాత్రమే. స్క్రీన్ దానంతటదే గీతలు కొట్టినా, కీ దానంతటదే పనిచేయకపోయినా వాళ్లే బాగుచేస్తారు. చేయి జారి పడినా, నీళ్లు ఒలికినా అది లోపం కాదు, ప్రమాదం. నేను కొన్నది ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే అదే వారంటీని ఇంకొన్నాళ్లు పొడిగించేది. గడువు పెరిగింది గానీ, కారణాల జాబితా పెరగలేదు. నీళ్లకీ, పడటానికీ యాక్సిడెంటల్ డ్యామేజ్ అని విడిగా రాసి ఉండాలి, ఆ మాట కాగితం మీద కనబడకపోతే నోటితో ఎంత చెప్పినా లేనట్టే.

ఆ యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ తీసుకునేటప్పుడు ముందుగా అది మొదలయ్యే తేదీ చూడండి. ప్రమాదం మొదటి వారమే జరగొచ్చు కాబట్టి కొన్న రోజు నుంచే ఉండాలి. పొడిగింపు వారంటీ మాత్రం కంపెనీది అయిపోయాక మొదలవ్వాలి. రెండేళ్లదని చెప్పి కొన్న రోజు నుంచే లెక్కేస్తే, మొదటి ఏడాది ఎలాగూ కంపెనీదే కాబట్టి మీకు అదనంగా వచ్చేది ఒక్క ఏడాదే. తర్వాత ఏడాదికి ఎన్నిసార్లు రిపేర్ చేస్తారో, ప్రతిసారీ మీరెంత కట్టాలో అడగండి. కొన్ని ప్లాన్లలో ఏడాదికి ఒక్కసారే. దొంగతనం చాలావాటిలో ఉండదు, బ్యాటరీకి చాలాసార్లు విడి గడువు ఉంటుంది, లోపలున్న మీ ఫైళ్లకి ఎవరూ పూచీ పడరు.

ప్లాన్ నడిపేది లాప్‌టాప్ కంపెనీయా, షాపా, వేరే సంస్థా అన్నది కూడా అడగండి, రేపు ఫోన్ చేయాల్సింది వాళ్లకే.

ఇంటికొచ్చాక లాప్‌టాప్ అడుగునున్న సీరియల్ నంబరు కంపెనీ సైట్లో కొట్టి చూడండి. వారంటీ మొదలైన తేదీ ఒక్కోసారి బిల్లు తేదీ కంటే ముందుది ఉంటుంది, షాపుకి సరుకు పంపిన రోజు నుంచి లెక్కేసి ఉంటారు. అలా ఉంటే వెంటనే బిల్లు ఫొటో పంపి సరిచేయమని అడగండి.

ప్రేమతో,
మీ పెదనాన్న