పిల్లికి వెలగని దీపం

మా ఇంటి వెనక వరండాలో అలికిడికి దానంతట అదే వెలిగే దీపం పెట్టిన మొదటి వారంలో, రాత్రిపూట దాన్ని మనుషులకన్నా ఎక్కువసార్లు వెలిగించింది మా పిల్లే. సెన్సర్ మీదున్న సెన్సిటివిటీ స్క్రూను తగ్గిస్తే సరిపోతుందనుకున్నాను. తగ్గించగా తగ్గించగా వంటింటి గుమ్మం దాటి వచ్చే మనిషికి దీపం వెలగడం మానేసింది గాని, సెన్సర్ కిందుగా నడిచే పిల్లికి మాత్రం యథాప్రకారం వెలిగింది.

ఇలా ఎందుకు జరుగుతుందో సెన్సర్ పనితీరులోనే ఉంది. ఈ దీపంలో ఉన్నది పిఐఆర్ సెన్సర్, అంటే వేడిని బట్టి కదలికను గుర్తించేది. అది తానుగా ఏ కిరణాలనూ పంపదు. ఎదుటి వస్తువుల నుంచి వచ్చే పరారుణ వికిరణంలో, అంటే కంటికి కనబడని వేడి కిరణాల్లో, మార్పు కోసం కాచుకొని ఉంటుంది. లోపల పక్కపక్కనే రెండు చిన్న పలకలుంటాయి. ఒకదాని సంకేతాన్ని మరొకటి రద్దు చేసేలా వాటిని కలుపుతారు కనుక, వరండా అంతా ఒక్కసారిగా వేడెక్కినా ఫలితం సున్నాయే. వెచ్చని శరీరం అడ్డంగా కదిలినప్పుడు మాత్రం ఆ వేడి ముందు ఒక పలక మీద, తర్వాత రెండో దాని మీద పడి సంకేతం ఊగుతుంది. పైనున్న తెల్లని ప్లాస్టిక్ బుడిపె చిన్న చిన్న ఫ్రెనెల్ కటకాల సముదాయం. దానిలోని ఒక్కో ముక్క ఒక్కో దిక్కు నుంచి వచ్చే వేడిని లోపలి పలకల మీదికి చేరుస్తుంది.

అందువల్ల సంకేతం ఎంత బలంగా ఉంటుందనేది, ఆ దిక్కున కనిపించే మేరలో వెచ్చని శరీరం ఎంత భాగాన్ని ఆక్రమించిందన్న దాని మీద ఆధారపడుతుంది. మీటరున్నర దూరంలోని పిల్లి, ఆరు మీటర్ల దూరంలోని మనిషి ఒకేలా కనిపించవచ్చు. స్క్రూ మార్చేది ఎంత బలమైన సంకేతానికి స్పందించాలన్న హద్దును మాత్రమే. వచ్చింది ఎవరన్నది దానికి తెలియదు. కొన్ని సెన్సర్ల పెట్టెల మీద ఇన్ని కిలోల లోపు జంతువులను పట్టించుకోదని రాసి ఉంటుంది గాని, ఈ పరికరం దేనినీ తూచలేదు.

కనుక పిల్లిని తప్పించాల్సింది చూపు దిశతో. మా వరండా పొడవు 5 మీటర్లు. సెన్సర్ ఒక చివరి గోడ మీద 2.2 మీటర్ల ఎత్తులో ఉంది. వంటింటి గుమ్మం పక్క గోడకు, సెన్సర్ నుంచి 4 మీటర్ల దూరంలో ఉంది కనుక బయటికొచ్చే మనిషి చూపుకు అడ్డంగానే నడుస్తాడు. నేరుగా సెన్సర్ వైపు నడిచివచ్చే మనిషిని అది అంత బాగా పట్టుకోలేదు. కటకం కింది వరుసల మీద, సెన్సర్ చూపు నేలకు సమాంతరమైన గీత నుంచి 15 డిగ్రీలకు మించి కిందికి వాలకుండా, నల్లని ఇన్సులేషన్ టేపు అంటించాను. అప్పుడు చూపు అడుగు అంచు మీటరు దూరానికి సుమారు 27 సెంటీమీటర్ల చొప్పున దిగుతుంది. గుమ్మం దగ్గర ఆ అంచు నేల నుంచి 1.13 మీటర్ల ఎత్తులో, చివరి గోడ దగ్గర 0.86 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆపైన గోడే అడ్డం. 30 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లి నేల మీద ఎక్కడ నడిచినా దాని చూపులో పడదు.

దీనికి చెల్లించాల్సిన వెల కూడా ఉంది. 1.6 మీటర్ల పొడవు మనిషి సెన్సర్‌కు 2.2 మీటర్ల కన్నా దగ్గరికి వస్తే ఆ చూపు కిందికి జారిపోతాడు. గుమ్మంలో నిలబడ్డ మీటరు ఎత్తు పిల్లవాడికీ దీపం వెలగదు. చిన్న పిల్లలున్న ఇంట్లో ఈ కొలతలు పనికిరావు.

పరీక్షించడానికి పిల్లి కోసం కాచుకోనక్కరలేదు. కరెంటు ఇచ్చాక సెన్సర్ కుదురుకోవడానికి ఒక నిమిషం ఆగి, దీపం వెలిగి ఉండే వ్యవధిని అతి తక్కువకు తిప్పి, గోరువెచ్చని నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాను తాడుతో నేల మీద అడ్డంగా లాగించాలి. లాగేవారు సెన్సర్‌కు కనబడకుండా గోడ చాటున ఉండాలి. మొదట నేను స్టీలు చెంబు వాడి, దీపం వెలగకపోయేసరికి గెలిచానని సంబరపడ్డాను. మెరిసే లోహం ఎంత వెచ్చగా ఉన్నా పరారుణాన్ని చాలా తక్కువగా వెదజల్లుతుందని తర్వాత గుర్తుకొచ్చింది.

సెన్సిటివిటీ స్క్రూ వంతు ఆ తర్వాతే. మే నెల సాయంత్రం గోడలు ఒంటి వేడికి దగ్గరగా కాగి ఉంటాయి కనుక, వెనకనున్న గోడకూ మనిషికీ తేడా తగ్గి సంకేతం బలహీనపడుతుంది. డిసెంబరు రాత్రి అదే మనిషి స్పష్టంగా తెలుస్తాడు. నేల మీది పిల్లి ఎటూ చూపులో లేదు కాబట్టి, వేసవిలో గుమ్మం దాటిన మనిషికి దీపం వెలిగేటంత వరకు స్క్రూను నిర్భయంగా పెంచుకోవచ్చు.

మిగిలింది పిట్టగోడ. దాని ఎత్తు 90 సెంటీమీటర్లు. దాని మీద నడిచే పిల్లి వీపు 1.2 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. లెక్క ప్రకారం సెన్సర్‌కు 3.7 మీటర్ల అవతల ఆ వీపు చూపులో పడాలి. మా పిల్లి పిట్టగోడ మీద ఆ దూరం దాటిన రోజుల్లో దీపం వెలుగుతూనే ఉంది. ఇంకో వరుస టేపు వేస్తే గుమ్మంలోని మనిషి తలే మిగులుతుంది కనుక దాన్ని అలాగే వదిలేశాను.