లక్ష్మిలో గుడి ఎవరిది?

లక్ష్మి అని కాగితం మీద రాసేటప్పుడు మన చెయ్యి ముందు ‘ల’ రాస్తుంది, తర్వాత ‘క్షి’ రాస్తుంది, చివరికి కింద మ ఒత్తు పెడుతుంది. నోరు మాత్రం ఈ వరసలో పలకదు. ల, క్, ష్, మ్, ఇ: గుడి పలికేది అన్నిటికంటే ఆఖర్న. అంటే కంటికి క్ష మీద కనిపించే గుడి, నిజానికి మొత్తం హల్లుల గుత్తికి చెందిన అచ్చు. తెలుగు లిపిలో మొదటి హల్లు పూర్తి ఆకారంతో నిలబడి గుణింతాన్ని మోస్తుంది, మిగతా హల్లులు ఒత్తులై దాని కిందికో పక్కకో చేరతాయి. క్ష దగ్గర ఒక తేడా ఉంది. క కింద ష ఒత్తు విడిగా నిలవకుండా రెండూ ఒకే ఆకారంగా కలిసిపోయాయి కాబట్టి, గుడి ఆ జంట మీదికి ఎక్కుతుంది.

యూనికోడ్ దాచుకునేది నోటి వరసనే. క్షకు అందులో సొంత సంఖ్య లేదు. క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు వరసగా వస్తే ఫాంటే వాటిని క్షగా మలుస్తుంది. ఆ తర్వాత మళ్లీ పొల్లు, మ వస్తే మ ఒత్తవుతుంది. చివర్లో వచ్చిన గుడిని వెనక్కి తీసుకెళ్లి క్ష మీద కూర్చోబెట్టే పనీ ఫాంటు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ చూసుకుంటాయి.

తెరమీద లక్ష్మి ‘లక్షి్మ’గా కనిపించే గొడవంతా పాత ఫాంట్ల నుంచి వచ్చింది. యూనికోడ్ వాడకంలోకి రాకముందు డీటీపీ ఫాంట్లలో అక్షరాలను కనిపించిన వరసలోనే పేర్చేవారు: క్షి ఒక ముక్క, మ ఒత్తు ఇంకో ముక్క. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ వరస సరిచెయ్యకుండా ముక్కకు ముక్క మార్చేస్తే ‘లక్షి్మ’ పుడుతుంది. తెలుగు వార్తల పేజీల్లో దీన్ని చూడనివాళ్లు తక్కువ. రెండు రూపాల సంకేతాలనూ పక్కపక్కన పెడితే ఇలా ఉంటాయి:

```
లక్ష్మి  0C32 0C15 0C4D 0C37 0C4D 0C2E 0C3F
లక్షి్మ  0C32 0C15 0C4D 0C37 0C3F 0C4D 0C2E
```

రెండింట్లోనూ అవే ఏడు సంకేతాలు. గుడి (0C3F) రెండడుగులు ముందుకు జరిగింది, అంతే. కానీ పొల్లు హల్లును వెతుక్కుంటుంది. దానికి ముందు గుడి ఉంటే ఒత్తు కట్టడం కుదరదు, దాంతో మ మామూలు అక్షరంగా పక్కకు పడుతుంది. కొన్ని పరికరాల్లో పొల్లు దిక్కులేకుండా చుక్కల వలయం మీద వేలాడుతుంది.

‘రా్రష్టం’ కథా ఇదే. పాత ఫాంట్లలో చాలావాటికి క్రావడి ష్టకు ఎడమ పక్కన వచ్చేది కాబట్టి దాన్నే ముందు కొట్టేవారు. పలికే వరస ర, ఆ, ష్, ట్, ర, సున్న. అలా కొడితేనే రాష్ట్రం.

అనుమానం వస్తే మాట చివర కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. చాలా ఎడిటర్లు ఒక్కో సంకేతాన్నే చెరుపుతాయి. సరైన లక్ష్మిలో గుడి పోయి ‘లక్ష్మ’ మిగులుతుంది. తప్పు వరసలో అయితే మ మొత్తం ఎగిరిపోతుంది. వెతుకులాటలోనూ ఇది బయటపడుతుంది: సరైన మాట కొట్టి వెతికితే తప్పుగా దాగిన మాట దొరకదు.

పలికినట్టే కొట్టు అనే సూత్రానికి ఒక చిక్కుంది. మన నోరే వరస మార్చేస్తుంది. బ్రహ్మను చాలామంది ‘బ్రమ్హ’ అని, చిహ్నాన్ని ‘చిన్హం’ అని, ఆహ్వానాన్ని ‘ఆవ్హానం’ అని పలుకుతారు. ఈ మూడింట్లోనూ హ ముందు రావాలి. జ్ఞ ఇంకా మోసగత్తె. గ్న అనో గ్య అనో వినిపిస్తుంది గానీ, లోపల ఉన్నవి జ, పొల్లు, ఞ. తీక్ష్ణలో ష తర్వాతి పొల్లును నోరు మింగేస్తే ‘తీక్షణ’ అవుతుంది. క తర్వాత ష బదులు శ కొడితే జంట కలవదు, క కింద శ ఒత్తు విడిగా కనిపిస్తుంది. ఇది మాత్రం కంటితోనే పట్టుకోవచ్చు.

దీనికి సరిగ్గా తలకిందుల సమస్య ఇంగ్లీషు మాటలది. బుక్, షాప్ కలిపి కొడితే ఫాంటుకు మళ్లీ క, పొల్లు, ష కనిపిస్తాయి. అది తన పని తాను చేసి ‘బుక్షాప్’ చూపిస్తుంది. వద్దనుకుంటే పొల్లుకూ షకూ మధ్య U+200C అనే కనిపించని సంకేతం పెట్టాలి, అప్పుడు ‘బుక్‌షాప్’ వస్తుంది. వర్క్‌షాప్‌కూ ఇదే మందు. అయితే ఇది అక్షరాలు ఉన్న పాఠంలోనే కలిసి ఉంటుంది కాబట్టి, కాపీ కొట్టినప్పుడు వెంట వస్తుంది. పొరపాటున లక్ష్మిలో దూరితే క్ష రెండుగా చీలి ‘లక్‌ష్మి’ అవుతుంది. అప్పుడు అక్కడ గుడి క్ష మీద కాదు, ష మీద వాలుతుంది.