టోపీ, జోకర్, కరిగే ముఖం: అపోహలు - వాస్తవాలు

సంస్థల సోషల్ మీడియా ఖాతాలకు వచ్చే సందేశాలు చదివి జవాబులు రాయడం నా పని. అక్షరాల్లో ఉన్న తిట్టు ఎవరికైనా అర్థమవుతుంది. ఎమోజీలో దాగిన తిట్టును మాత్రం నాకంటే పెద్దవారైన సహోద్యోగులు మెచ్చుకోలుగా తీసుకోవడం తరచూ చూస్తుంటాను. ఎక్కువ తికమక పెట్టేవి ఈ మూడు.

అపోహ: 🧢 అంటే ‘శభాష్, టోపీ తీసి నమస్కరిస్తున్నాను’.

వాస్తవం: ‘అది అబద్ధం’ అని. బొమ్మను ఎంతసేపు చూసినా ఈ అర్థం దొరకదు, ఎందుకంటే అది మాటలోంచి పుట్టింది. ఆఫ్రికన్ అమెరికన్ల ఇంగ్లీషు వాడుకలో ‘క్యాప్’ అంటే అబద్ధం, లేని గొప్ప చెప్పుకోవడం. ‘నో క్యాప్’ అంటే ఒట్టు, నిజమే చెబుతున్నాను అని. అట్లాంటా హిప్‌హాప్ కళాకారుల ద్వారా ఈ మాట 2017 ప్రాంతంలో బాగా వ్యాపించింది. ఏ ఎమోజీలు ఉండాలో నిర్ణయించే అంతర్జాతీయ ప్రమాణమైన యూనికోడ్‌ 10.0 రూపంలో టోపీ ఎమోజీ చేరింది కూడా ఆ ఏడాదే. చేర్చినప్పుడు అది తలకు పెట్టుకునే వస్తువే. మాటకూ బొమ్మకూ పేరు ఒకటే కావడంతో యువత రెండింటినీ కలిపేసింది.

తెలుగువారికి ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మనకు ‘టోపీ పెట్టడం’ అంటే మోసం చేసి డబ్బు కాజేయడం. అర్థం దగ్గరగానే ఉన్నా ఒకటి కాదు. 🧢 పెట్టినవారు మీరు తమను ముంచారని అనడం లేదు, మీరు చెప్పిన మాట నమ్మడం లేదంటున్నారు. జవాబు రాసేటప్పుడు ఈ తేడా ముఖ్యం.

ఒకసారి మేం చూసే ఖాతాలో ‘ప్రతి ఫిర్యాదుకూ 24 గంటల్లో జవాబిస్తున్నాం’ అని ప్రకటన పెట్టారు. కింద ఒకరు 🧢🧢 అని మాత్రం రాశారు. మా సహోద్యోగి, ఎంతో మర్యాదస్తుడు, ‘మీ అభిమానానికి కృతజ్ఞతలు’ అని బదులిచ్చారు. కాసేపటికే ఆ బదులు కింద టోపీల వరుస మొదలైంది. బదులును తీసేస్తే దాచినట్టు అవుతుందని అలాగే ఉంచి, దాని కింద ‘మీకు జవాబు అందలేదని అర్థమైంది, ఫిర్యాదు సంఖ్య పంపండి’ అని రాశాను. పంపారు. అది తొమ్మిది రోజులుగా ఎవరూ తెరవకుండా పడి ఉంది. ఆ వ్యాఖ్య రాసినవారు 🧢 పెట్టడంలో తప్పేమీ లేదు.

ముందున్న వాక్యం చూస్తే గుర్తుపట్టడం సులువు. గొప్ప, హామీ, సాకు వంటి వాటి కింద టోపీ కనిపిస్తే అది అబద్ధమనే ఆరోపణ. ఆటల గురించో దుస్తుల గురించో మాట్లాడుతుంటే అది ఉత్త టోపీ. 🚫🧢 అని జంటగా వస్తే ‘నిజంగా నిజం’ అని.

అపోహ: 🤡 సరదా బొమ్మ, ఎవరైనా నవ్వించినప్పుడు పంపవచ్చు.

వాస్తవం: 2016లో వచ్చిన ఈ ముఖం ఇప్పుడు ఎక్కువగా ‘తెలివితక్కువవాడు’ అనే చెబుతుంది. తేల్చుకోవలసింది ఎవరు అన్నదే. ‘ఈసారైనా చెప్పిన వేళకు వస్తాడని గంటసేపు ఎదురుచూశాను 🤡’ అన్నప్పుడు జోకర్ రాసినవారే. నమ్మి వెర్రివాళ్లమయ్యామని వాళ్లు ఒప్పుకుంటున్నారు, ఓదార్చవచ్చు. మీ మాట కింద ఒంటరిగా 🤡 వస్తే మాత్రం జోకర్ మీరే. కాబట్టి మేనకోడలు చెప్పిన హాస్యానికి మెచ్చుకోలుగా ఈ ఒక్క ముఖం పంపితే, ‘నువ్వొక మూర్ఖురాలివి’ అని మామయ్య అన్నట్టు ఆమెకు చేరవచ్చు. నవ్వు వచ్చిందని చెప్పడానికి 😂 ఉంది. అది పాతబడిందని పిల్లలు అనుకున్నా మనసు నొచ్చుకోదు.

అపోహ: 🫠 నవ్వుతోంది కాబట్టి సంతోషం. లేదా ఎండ ఎక్కువగా ఉందని.

వాస్తవం: ఎండ అర్థం ఉంది, వాతావరణం మాటల్లో అదే సరైనది. మిగిలిన చోట్ల నోటిని వదిలి కింది అంచు చూడండి. నవ్వు చెరగలేదు కానీ ముఖం మడుగైపోతోంది. ‘భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండు’ అని మనం అనుకునే క్షణం అది. ఎమోజీల డిజైనర్ జెన్నిఫర్ డేనియల్, కామిక్స్ భాషను అధ్యయనం చేసే నీల్ కోన్ కలిసి దీన్ని ప్రతిపాదించారు. 2021లో యూనికోడ్ 14.0లో చేరింది.

‘రేపటి సమావేశంలో నేనే మాట్లాడాలట 🫠’ అని రాసిన అమ్మాయికి ‘చాలా సంతోషం, అభినందనలు’ అని బదులిస్తే ఆమె ఇంకా ముడుచుకుపోతుంది. ‘భయంగా ఉందా? ఏ భాగం కష్టంగా ఉంది?’ అని అడిగితే అసలు సంగతి చెబుతుంది. ఇష్టమైనవారి మాటకు కరిగిపోయానని చెప్పడానికీ కొందరు దీన్ని వాడతారు. అప్పుడు పక్కన సాధారణంగా హృదయం గుర్తో, ఆ మనిషి ప్రస్తావనో ఉంటుంది. పాత ఫోన్లలో దీని స్థానంలో ఖాళీ పెట్టె కనిపిస్తుంది. వాక్యం చివర అలాంటి పెట్టె వస్తే ఏ బొమ్మ పంపారో అడిగి తెలుసుకున్నాకే బదులు రాయండి.