పై చెవి కుట్టించుకుని నొప్పితో వచ్చేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

"డాక్టర్ గారూ, చిన్నప్పుడు తమ్మెలు కుట్టించినప్పుడు కొబ్బరినూనె, పసుపు రాస్తే వారంలో మానిపోయింది. ఇదెందుకు మానట్లేదు?" ఈఎన్‌టీ ఓపీలో ఈ మాట వినీ వినీ ఇది రాస్తున్నాను.

తమ్మెలో ఉండేది కొవ్వు, చర్మం. రక్తం బాగా అందుతుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. పైభాగంలో ఉండేది మృదులాస్థి, అంటే వంగే మెత్తని ఎముకలాంటిది. దానికి సొంతంగా రక్తనాళాలే లేవు. పైన అంటుకుని ఉండే పలుచని పొర నుంచే దానికి పోషణ అందాలి. అందుకే అది పూర్తిగా మానడానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుంది. ఆ పొరకీ మృదులాస్థికీ మధ్య చీము చేరితే పొర పైకి లేచిపోతుంది. పోషణ ఆగి మృదులాస్థి చచ్చిపోతుంది. ఆ తర్వాత చెవి ముడుచుకుపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఒకటుంది: "మెడికల్ షాపులో ఏదో ఒక యాంటీబయాటిక్ తెచ్చి వేసుకుంటే తగ్గిపోతుంది."

తగ్గకపోవచ్చు. ఇక్కడ ఎక్కువగా కనిపించే క్రిమి సూడోమోనాస్. తడిలో, సరిగా శుభ్రం చేయని సామాన్లలో బతుకుతుంది. 2000లో అమెరికాలోని ఒరెగాన్‌లో ఒకే చోట పై చెవి కుట్టించుకున్న చాలామందికి ఇది సోకింది. వెతికితే క్రిమిసంహారక మందు స్ప్రే సీసాలోనే ఆ క్రిమి దొరికింది. అమాక్సిసిలిన్ దీని మీద పనిచేయదు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి పనిచేస్తాయి. అయితే వయసు, గర్భం, వేరే మందులు చూసుకుని డాక్టరే రాయాలి.

మొన్నామధ్య ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. ఫ్యాన్సీ షాపులో చెవులు కుట్టే గన్‌తో కుట్టించుకుంది. ఆరో రోజు సలపరం మొదలైంది, వాళ్లమ్మ పసుపు రాసింది, నాలుగు రోజులు అమాక్సిసిలిన్ మింగింది. పదకొండో రోజు నా దగ్గరకు వచ్చేసరికి చెవి పైభాగం ఎర్రగా ఉబ్బి మడతలు కనిపించడం లేదు, తమ్మె మాత్రం మామూలుగా ఉంది. ఆ తేడానే నేను మొదట చూస్తాను: పైన వాచి తమ్మె బాగుంటే జబ్బు మృదులాస్థి పొరలో ఉన్నట్టు. వేలితో నొక్కితే లోపల మెత్తగా కదిలింది, అంటే చీము. కమ్మ తీసేసి, కోసి చీము తీశాం, అది ఏ క్రిమో తెలియడానికి కల్చర్‌కు పంపాం. సూడోమోనాసే వచ్చింది. చెవి దక్కింది కానీ పై అంచు కాస్త లోపలికి ముడుచుకుంది. వాళ్లమ్మ "ముందే రావాల్సింది" అని ఏడుస్తుంటే, పసుపు రాసింది ప్రేమతోనేనమ్మా, తప్పు మీది కాదని చెప్పాను.

మొదటి కొద్ది రోజులు కాస్త ఎరుపు, నొప్పి, పలుచగా కారి ఎండే తెల్లని పొక్కు మామూలే, టెన్షన్ వద్దు. తగ్గుతున్న నొప్పి మళ్లీ పెరిగినా, ఎరుపు పాకినా, చెవి వేడిగా ఉబ్బినా, చీము కారినా, జ్వరం వచ్చినా అదే రోజు చూపించండి.

మిగతావి క్లుప్తంగా. బంగారం కమ్మ పెడితే ఇన్ఫెక్షన్ రాదన్నది వట్టిమాట. కమ్మను రోజూ తిప్పాలన్నదీ అంతే, తిప్పితే పుండు రేగుతుంది. గన్ మృదులాస్థిని నలిపేయొచ్చు, పైగా మామూలు గన్‌లను ఆటోక్లేవ్‌లో వేడి ఆవిరితో క్రిములు చచ్చేలా శుభ్రం చేయలేరు. శుభ్రమైన కొత్త సూదితోనే కుట్టించుకోండి, స్టెరైల్ సెలైన్‌తో కడగండి, ఆ వైపు తిరిగి పడుకోకండి.