ఇంట్లో ఒకరు డౌన్‌లోడ్ పెడితే ఇంకొకరి వీడియో కాల్ ఎందుకు ఆగిపోతుంది? అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో ఫైబర్ కనెక్షన్లు, రౌటర్లు సరిచేయడం నా పని. ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే: "మావాడు గేమ్ డౌన్‌లోడ్ పెడితే చాలు, నా మీటింగ్‌లో గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది." దీని గురించి ఉన్న అపోహల వల్ల చాలామంది అవసరం లేని ఖర్చు పెడుతున్నారు.

అపోహ: ప్లాన్ పెంచితే సమస్య పోతుంది.

ఈ మధ్య ఒక ఇంటికి వెళ్లాను. ప్లాన్ 40 Mbps. తల్లి ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు, కూతురికి ఆన్‌లైన్ క్లాసులు, కొడుకు 60 జీబీ గేమ్ దించుతున్నాడు. "100 ప్లాన్‌కి మారిపోమంటారా?" అని అడిగారు. ముందు విండోస్ ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో రౌటర్‌కి కలిపి ఈ కమాండ్ ఇచ్చాను:

```
ping -t 8.8.8.8
```

ఇది గూగుల్ సర్వర్‌ని పలకరించి, జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో చూపిస్తుంది, ఆ సమయాన్నే పింగ్ అంటాం. డౌన్‌లోడ్ ఆపి ఉన్నప్పుడు జవాబు 10 మిల్లీసెకన్లలో వచ్చింది. డౌన్‌లోడ్ మొదలుపెట్టగానే 400 దాటింది. వీడియో కాల్‌కి కావాల్సింది మహా అయితే 3, 4 Mbps. ఆ కాల్‌కి స్పీడ్ తక్కువై కాదు, ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వెళ్లే దాని డేటా క్యూలో ఇరుక్కుపోయి పాడవుతోంది.

డౌన్‌లోడ్ ఎంత ఇస్తే అంతా తీసుకుంటుంది. ప్యాకెట్లు పడిపోయేదాకా వేగం పెంచుకుంటూనే పోతుంది. లైను నిండాక మిగిలినవి కంపెనీ వైపు పరికరంలో బారులు తీరతాయి. కాల్ ప్యాకెట్ చిన్నదే అయినా ఆ బారులో చివరనే నిలబడాలి. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. 100 ప్లాన్‌లో గేమ్ త్వరగా దిగుతుంది, నిజమే. కానీ దిగుతున్నంతసేపూ ఆ లైనూ నిండే ఉంటుంది.

అపోహ: పరిమితి పెడితే డౌన్‌లోడ్ ఎప్పటికీ అవ్వదు.

గేమ్ యాప్ సెట్టింగ్స్‌లోనే డౌన్‌లోడ్‌ని 28 Mbps దగ్గర ఆపాం. పింగ్ మళ్లీ 15కి వచ్చింది. 60 జీబీకి పూర్తి వేగంతో 3 గంటల 20 నిమిషాలు పడుతుంది, ఈ పరిమితితో దాదాపు 4 గంటల 45 నిమిషాలు. గంటన్నర కూడా తేడా లేదు. ఆ సాయంత్రం అమ్మ మీటింగూ, అమ్మాయి క్లాసూ రెండూ సాఫీగా జరిగాయి.

ఇక్కడ అందరూ తప్పు చేసేది యూనిట్ల దగ్గర. ప్లాన్ మెగాబిట్లలో ఉంటుంది, చాలా యాప్‌లు కిలోబైట్లు అడుగుతాయి. 8 బిట్లు ఒక బైట్, కాబట్టి 28 Mbps అంటే 3500 KB/s. ఆ అబ్బాయి అంతకుముందే 28000 అని కొట్టి చూశాడట. అది 224 Mbps. లైనే 40 అయినప్పుడు ఆ పరిమితి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. నంబర్ కొట్టాక యాప్‌లో కనిపించే వేగం నిజంగా తగ్గిందో లేదో తప్పకుండా చూడండి.

అపోహ: డౌన్‌లోడ్ ఒక్కటే చూసుకుంటే చాలు.

ఫోన్ చార్జింగ్‌లో పెట్టగానే ఫొటోలు బ్యాకప్ అవడం మొదలవుతుంది. అది అప్‌లోడ్‌ని నింపేస్తే మీకు అందరూ బాగానే వినిపిస్తారు, మీ గొంతు మాత్రం వాళ్లకి తెగిపోతుంది. ఇలా ఒకవైపే తెగితే ముందు అప్‌లోడ్‌ని అనుమానించండి. టోరెంట్ వాడేవాళ్లు అప్‌లోడ్ పరిమితి కూడా పెట్టాలి.

అపోహ: రౌటర్‌లో ఏ డేటా ముందు వెళ్లాలో చూసే QoS సెట్టింగ్ ఆన్ చేస్తే అన్నీ అదే చూసుకుంటుంది.

ఇంట్లో పరికరాలు ఎక్కువైతే ఒక్కో యాప్‌లో పరిమితి పెట్టడం కుదరదు. అప్పుడు రౌటర్‌లో పెట్టడమే మేలు. కానీ అక్కడ మీ లైను వేగాన్ని రాయమంటుంది. 40 వచ్చే చోట 100 అని రాస్తే బారు మళ్లీ కంపెనీ వైపే పెరుగుతుంది, దాని మీద మీ రౌటర్‌కి అదుపు ఉండదు. కొలిచిన వేగంలో 85 నుంచి 90 శాతం, అంటే ఇక్కడ 34 నుంచి 36 రాయాలి. అప్పుడు బారు రౌటర్ దగ్గరే ఏర్పడుతుంది, కాల్ ప్యాకెట్లని ముందు పంపడం దాని చేతిలో ఉంటుంది. OpenWrt అనే సాఫ్ట్‌వేర్ ఉన్న రౌటర్‌లో ఈ పనికి SQM అనే సదుపాయం ఉంది, అందులో బారుని నడిపే పద్ధతిగా cake ఎంచుకోండి. నా అనుభవంలో ఇంతకన్నా బాగా పనిచేసింది ఇంకొకటి లేదు.

వేగాన్ని కాల్స్ ఉండే సమయంలోనే కొలవండి. తెల్లవారుజామున 40 వచ్చిన లైను రాత్రి 8కి 28కి పడిపోతే, 34 అని పెట్టిన పరిమితి ఆ సమయంలో పనిచేయదు.

ఇంకొక్క మాట. కేబుల్‌తో కలిపినప్పుడు పింగ్ 15 ఉండి, పడగ్గదిలో వైఫై మీద 200కి ఎగబాకుతుంటే తప్పు వైఫై సిగ్నల్‌ది. అలాంటప్పుడు డౌన్‌లోడ్‌ని ఎంత తగ్గించినా కాల్ బాగుపడదు, రౌటర్‌ని దగ్గరికి జరపాలి లేదా ఆ గదికి కేబుల్ లాగాలి.